ఏ దారిన వచ్చిన ఫాలోవర్లు మళ్లీ మళ్లీ కొంటారు? బ్యాచ్‌ల వారీగా లెక్క తీసే పద్ధతి

ఇన్‌స్టాలో పచ్చళ్లు, పొడులు అమ్మేవాళ్లకి ఫాలోవర్లు ఎంతమందో రోజూ కనిపిస్తూనే ఉంటుంది. ఈ నెల ఎన్ని ఆర్డర్లు వెళ్లాయో కొరియర్ రసీదులు చెబుతాయి. కానీ ఆవకాయ సీసా ఖాళీ కాగానే మళ్లీ మెసేజ్ పెట్టినవాళ్లు అసలు మొదట ఏ దారిన మన దగ్గరికి వచ్చారు? రీల్ యాడ్ చూసా, గివ్అవే కోసమా, యూట్యూబ్‌లో ఎవరో వంట చేస్తూ మన పేరు చెప్తే విన్నారా? ఇది ఏ యాప్ తెరిచినా దొరకదు, మనమే కట్టుకోవాలి. ఒక గూగుల్ షీటు, కొంచెం క్రమశిక్షణ, ఏడెనిమిది నెలల ఓపిక ఉంటే చాలు.

పద్ధతి పేరు కోహార్ట్ అనాలిసిస్. పేరు పెద్దదే గానీ పని చిన్నది. ఒకే నెలలో ఒకే దారిన వచ్చినవాళ్లని ఒక బ్యాచ్‌గా కట్టి, ఆ బ్యాచ్‌ని వేరేవాళ్లతో కలపకుండా చివరిదాకా చూడటం. స్కూల్లో పదో తరగతి బ్యాచ్‌ల్లాగే అనుకోండి, ఏ సంవత్సరం వాళ్ల ఫలితం ఆ సంవత్సరానిదే. అందర్నీ ఒకే కుప్పగా పోసి “మన కస్టమర్లలో ఇంత శాతం మళ్లీ కొన్నారు” అంటే, అది ఏ నిర్ణయానికీ పనికిరాని అంకె.

ఇక్కడ ఊరగాయల వ్యాపారాన్నే ఉదాహరణగా తీసుకుంటున్నాను. అయిపోతే మళ్లీ కొనాల్సిన సరుకు కాబట్టి “నిలబడ్డ కస్టమరు” అనే మాటకి ఇక్కడ స్పష్టమైన అర్థం ఉంటుంది. కింద వచ్చే అంకెలు లెక్క నడిచే తీరు చూపించడానికి నేను వేసినవే. మీ షీటులో మీ అంకెలు పెట్టుకోండి.

ముందు తేల్చుకోవాల్సింది: నిలబడ్డ కస్టమరు అంటే ఎవరు?

లెక్క మొదలుపెట్టాక దీన్ని మార్చకూడదు. మారిస్తే మనకి నచ్చిన దారి గెలిచేలా తెలియకుండానే మార్చేస్తాం.

మీ పాత ఆర్డర్లు తీసి, ఒకే మనిషి ఇచ్చిన రెండు వరుస ఆర్డర్ల మధ్య ఎన్ని రోజులు గడిచాయో రాయండి. ఒక వంద జతలు రాసి చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చితే, మధ్యలో ఉన్న అంకె మీ సరుకు తిరిగి అడిగే కాలం. సగటు వద్దు. సంక్రాంతికి కొని మళ్లీ సంక్రాంతికే వచ్చినవాళ్లు నలుగురుంటే చాలు, సగటు పెరిగిపోతుంది. అర కిలో సీసాలు అమ్మేవాళ్లకి ఆ మధ్య అంకె 50 రోజులు వచ్చిందనుకుందాం. అలాంటప్పుడు నియమం ఇలా పెట్టుకోవచ్చు: చేరిన 60 రోజుల్లోపు మొదటి ఆర్డరు ఇవ్వాలి, ఆ తర్వాత 150 రోజుల్లోపు కనీసం మరో రెండు ఆర్డర్లు ఇవ్వాలి.

రెండో ఆర్డరు ఒక్కటే ఎందుకు సరిపోదంటే, ఊరగాయల్లో రెండో ఆర్డరు చాలాసార్లు వేరేవాళ్ల కోసం వెళ్తుంది. హైదరాబాద్‌లో కూతురికో, అమెరికా వెళ్తున్న కొడుకు పెట్టెలోకో. అది సంతోషమే, కానీ అలవాటు కాదు. మూడోసారి అడిగారంటే వాళ్లింట్లో మన సీసాకి చోటు దొరికినట్టే.

ఎవరు ఏ దారిన వచ్చారో పట్టుకోవడం

మొత్తం పనిలో కష్టమైన భాగం ఇదే. ఇది సరిగ్గా లేకపోతే తర్వాత వేసే ఫార్ములాలన్నీ దండగ.

ఒక ఫాలోవరు ఏ రీల్ చూసి ఫాలో కొట్టారో ఇన్‌స్టా మనకి మనిషి వారీగా చెప్పదు. అందుకే ప్రతి దారికీ వేరే వాట్సాప్ లింకు పెట్టాలి. ఆ లింకు నొక్కగానే మెసేజ్ ముందే టైపయి ఉంటుంది, ఆ మెసేజ్‌లోనే దారి పేరు ఉంటుంది. ఇలా:

```
https://wa.me/919XXXXXXXXX?text=Namaste%2C%20YouTube%20lo%20chusanu.%20Rates%20pampandi
https://wa.me/919XXXXXXXXX?text=Namaste%2C%20Insta%20bio%20nunchi.%20Rates%20pampandi
```

మొదటిది యూట్యూబ్ వీడియో కింద, రెండోది ఇన్‌స్టా బయోలో. స్టోరీలో పెట్టే లింకు స్టిక్కరుకి ఇంకొకటి, ఫేస్‌బుక్ పేజీకి ఇంకొకటి. చాలామంది ఇక్కడ `REF-YT-03` లాంటి కోడ్ పెడతారు. అది ఏదో చెత్త అనుకుని జనం చెరిపేసి పంపుతారు. మామూలు మాటలా ఉన్న వాక్యాన్ని ఎవరూ చెరపరు, దాన్నే పంపేస్తారు. వాట్సాప్ బిజినెస్‌లో ఆ చాట్‌కి అప్పటికప్పుడే ఒక లేబుల్ తగిలించండి. సాయంత్రం చూద్దాంలే అనుకుంటే ఆ సాయంత్రం రాదు.

దీనికి తోడు, మొదటి ఆర్డరు ఖాయం చేసేటప్పుడు ఒక ప్రశ్న అడగాలి: “మా గురించి మొదట ఎక్కడ విన్నారండీ?” లిస్టు ఇచ్చి ఎంచుకోమనకండి, లిస్టు ఇస్తే పైనున్నదే నొక్కుతారు. ఊరికే అడిగితే “మా వదిన తెప్పించింది, తిన్నాను” అని వస్తుంది. “ఇన్‌స్టా” అని ఒక్క మాటే వస్తే ఇంకో మాట అడగండి: “యాడా అండీ, లేక ఎవరైనా షేర్ చేశారా?” లింకు ఒకటి చెప్పి, మనిషి ఇంకొకటి చెబితే రెండూ రాసుకోండి. వదిన చెప్పాక ఇన్‌స్టాలో వెతికి బయో లింకు నొక్కిన మనిషిని లింకు మాత్రమే చూస్తే ఇన్‌స్టా ఖాతాలో వేసేస్తాం. నా లెక్కలో మొదట విన్న చోటుకే ఓటు. మనం తేల్చాలనుకున్నది అదే కదా.

గివ్అవేలకి ఈ పద్ధతి పనిచేయదు, ఎందుకంటే వాళ్లు లింకు నొక్కరు, ఫాలో మాత్రమే కొడతారు. అక్కడ తేదీ పట్టుకోవాలి. ఇన్‌స్టాలో మీ అకౌంటు సమాచారాన్ని JSON ఫార్మాట్‌లో డౌన్‌లోడ్ చేసుకునే వీలుంది. అందులో `followers_1.json` అనే ఫైల్లో ప్రతి ఫాలోవరు పేరు పక్కనా `timestamp` అని ఒక పెద్ద అంకె ఉంటుంది. అది 1970 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన సెకన్లు. ఆ అంకెని షీటులో A2 గడిలో వేసి, పక్క గడిలో ఇది రాసి, ఆ గడికి తేదీ ఫార్మాట్ పెడితే మన టైము ప్రకారం ఫాలో కొట్టిన తేదీ వస్తుంది:

```
=INT(A2/86400+DATE(1970,1,1)+5.5/24)
```

మామూలుగా రోజుకి పదిమంది చేరే అకౌంటులో గివ్అవే మూడు రోజులూ రెండు మూడు వందల మంది చేరితే, ఆ మూడు రోజుల్లో చేరినవాళ్లని గివ్అవే బ్యాచ్ అనేయొచ్చు. అందులో మామూలుగా వచ్చే ముప్పై మంది కలిసి ఉంటారు, ఫరవాలేదు. ఆర్డరు తీసుకునేటప్పుడు ఇన్‌స్టా పేరు కూడా అడిగి రాసుకుంటే ఫోన్ నంబరుకీ ఫాలోవరుకీ ముడి పడుతుంది.

ఈ ఫైలులో ఒక మోసం ఉంది. అన్‌ఫాలో చేసినవాళ్లు అందులో ఉండరు. గివ్అవే అయిన నెలకి సగం మంది వెళ్లిపోయాక డౌన్‌లోడ్ చేస్తే, మిగిలినవాళ్లే బ్యాచ్ మొత్తం అనిపిస్తుంది, శాతాలు బాగా కనిపిస్తాయి. అందుకే గివ్అవే ముగిసిన మర్నాడే ఒక కాపీ తీసి దాచండి. తర్వాత ప్రతి నెలా ఒకటో తారీఖున ఒకటి తీసినా చాలు.

షీటు కట్టడం

రెండు పేజీలు చాలు. `people` పేజీలో మనిషికి ఒక్క వరుస: A లో ఫోన్ నంబరు (ఇంకా కొనని ఫాలోవరైతే ఇన్‌స్టా పేరు, కొన్నాక దాని స్థానంలో నంబరు), B లో చేరిన తేదీ, అంటే గివ్అవే వాళ్లు ఫాలో కొట్టిన రోజు, మిగతావాళ్లు వాట్సాప్‌లో మొదటి మెసేజ్ పెట్టిన రోజు, C లో వచ్చిన దారి, D లో ఆ సమయంలో నడుస్తున్న ఆఫరు, E లో ఎవరైనా చెప్పి వస్తే ఆ చెప్పినవాళ్ల నంబరు. `orders` పేజీలో ఆర్డరుకి ఒక వరుస: A లో ఫోన్ నంబరు, B లో తేదీ, C లో ఆర్డరు చేరిందా లేదా, D లో డబ్బు.

నంబర్లని ముందు శుభ్రం చేయాలి. ఒకచోట +91, ఒకచోట మధ్యలో ఖాళీ, ఒకచోట ముందు సున్నా ఉంటే ఒకే మనిషి ముగ్గురవుతారు. రాసిన నంబరు K2 లో ఉందనుకుంటే ఇది చివరి పది అంకెలు మాత్రం ఇస్తుంది:

```
=RIGHT(REGEXREPLACE(TO_TEXT(K2),"\D",""),10)
```

ఆర్డరు చేరి, డబ్బు వస్తేనే C లో `OK` అని రాయండి. క్యాష్ ఆన్ డెలివరీలో తలుపు దాకా వెళ్లి వెనక్కొచ్చిన పార్సిలు ఆర్డరు కాదు, నష్టం. వాటికి `RET` అని పెట్టుకుంటే, ఏ దారిన వచ్చినవాళ్లు ఎక్కువ వెనక్కి పంపుతున్నారో కూడా తర్వాత చూసుకోవచ్చు.

ఇక `people` పేజీలో మూడు గడులు. F లో మొదటి ఆర్డరు తేదీ, G లో అది 60 రోజుల్లో వచ్చిందా, H లో మనిషి నిలబడ్డారా:

```
F2  =MINIFS(orders!B:B,orders!A:A,A2,orders!C:C,"OK")
G2  =IF(AND(F2>0,F2>=B2,F2-B2<=60),1,0)
H2  =IF(G2=1,IF(COUNTIFS(orders!A:A,A2,orders!C:C,"OK",orders!B:B,">"&F2,orders!B:B,"<="&F2+150)>=2,1,0),0)
```

G2 లో `F2>=B2` అనే ముక్కని వదిలేయకండి. రెండేళ్లుగా మన దగ్గర కొంటున్న పిన్నిగారు మొన్న స్మార్ట్‌ఫోన్ నేర్చుకుని ఇన్‌స్టాలో ఫాలో కొట్టారనుకోండి. ఆ షరతు లేకపోతే ఆమె కూడా ఇన్‌స్టా తెచ్చిన కస్టమరు అయిపోతారు. అలాంటి పాత కస్టమర్లు ఇరవై మంది చేరినా ఇన్‌స్టా బ్రహ్మాండంగా పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది. తేదీల గడుల్లో తేదీ మాత్రమే ఉండాలి, టైము వద్దు. ఉంటే, ఉదయం ఆవకాయ చెప్పి సాయంత్రం “కందిపొడి మర్చిపోయాను” అని మళ్లీ మెసేజ్ పెట్టిన మనిషికి రెండు ఆర్డర్లు పడతాయి.

I లో నెల రాయండి: `=TEXT(B2,"yyyy-mm")`. తర్వాత పివట్ టేబుల్ వేసి, వరుసల్లో C, దాని కింద I పెట్టి, విలువల్లో మనుషుల లెక్క, G మొత్తం, H మొత్తం పెడితే పట్టిక తయారు.

ఎప్పుడు చూడాలి?

60 రోజులు, 150 రోజులు కలిపితే 210. మార్చి 31న చేరిన మనిషికి అక్టోబరు 27 దాకా గడువుంది. అంతకుముందే పట్టిక తీసి “మార్చి బ్యాచ్ జనవరి కంటే అధ్వాన్నం” అంటే అది అన్యాయం, వాళ్లకింకా సమయమే అవ్వలేదు. కొత్త బ్యాచ్‌లు ఎప్పుడూ బలహీనంగా కనిపించేది ఇందుకే. గడువు పూర్తికాని బ్యాచ్‌లని పట్టికలో అసలు పెట్టకండి, పెడితే కన్ను అటే పోతుంది.

అన్ని నెలలు ఆగలేకపోతే, మొదటి ఆర్డరు తర్వాత 60 రోజుల్లో రెండోది వచ్చిందా అన్నది తొందరగా తెలిసే సూచన. కానీ దాన్ని నమ్మేముందు గడువు పూర్తయిన పాత బ్యాచ్‌ల్లో పరీక్షించి చూడండి. అక్కడ 60 రోజుల అంకె బాగున్న దారులే చివరికీ బాగున్నాయంటే వాడుకోవచ్చు.

పట్టిక చదవడం

జనవరి నుంచి మార్చి దాకా చేరినవాళ్ల లెక్క, అక్టోబరు చివర తీస్తే ఇలా వచ్చిందనుకుందాం.

| దారి | చేరినవాళ్లు | మొదటిసారి కొన్నవాళ్లు | నిలబడ్డవాళ్లు | ఖర్చు (రూ.) |
|---|---|---|---|---|
| గివ్అవే | 800 | 40 | 4 | 6,000 |
| రీల్ యాడ్ | 500 | 60 | 12 | 15,000 |
| యూట్యూబ్ వంట ఛానల్ | 150 | 30 | 15 | 12,000 |
| పాత కస్టమర్లు చెప్పి | 60 | 27 | 16 | 2,700 |

చివరి వరుసలో ఖర్చు ఏంటంటే, చెప్పి పంపినవాళ్లకి ప్రతి కొత్త కొనుగోలుకీ వంద రూపాయల పొడి పొట్లం పెట్టడం. 27 మందికి 2,700.

మొదటిసారి కొన్న ఒక్కొక్కరికీ ఎంత ఖర్చయిందో చూస్తే గివ్అవేకి 150 రూపాయలు, యాడ్‌కి 250, యూట్యూబ్‌కి 400. ఇక్కడితో ఆగిపోయేవాళ్లు వచ్చే నెల కూడా గివ్అవేనే పెడతారు, యూట్యూబ్ ఛానల్ వాళ్లకి “ఈసారి బడ్జెట్ లేదండీ” అని చెప్పేస్తారు. నిలబడ్డ ఒక్కొక్కరికీ ఖర్చు చూడండి: గివ్అవేకి 1,500, యాడ్‌కి 1,250, యూట్యూబ్‌కి 800, పాత కస్టమర్ల ద్వారా 169. మొదటి మూడు దారుల వరస పూర్తిగా తిరగబడింది.

చేరినవాళ్లలో ఎంత శాతం నిలబడ్డారు అన్న లెక్క ఇక్కడ పోల్చకండి. గివ్అవేలో “చేరడం” అంటే ఫాలో కొట్టడం, ఒక్క వేలి పని. మిగతా దారుల్లో చేరడమంటే వాట్సాప్‌లో ధరలు అడగడం. ఈ రెండూ ఒకటి కావు. అందుకే దారుల మధ్య పోలికకి రూపాయల లెక్కే న్యాయం.

తర్వాతి ప్రశ్న: నిలబడ్డ మనిషి కోసం ఎంతదాకా పెట్టొచ్చు? మొదటి ఆర్డరులో ఆఫరు, ప్యాకింగు, కొరియరు పోను మిగిలేది దాదాపు ఏమీ ఉండదు, ఆ ముప్పయ్యో నలభయ్యో వదిలేయండి. తర్వాత ఏడాదిలో ఒక్కొక్కరు మూడు ఆర్డర్లు ఇచ్చి, ఆర్డరుకి 300 మిగిలితే 900. అంటే మీ గీత 900 దగ్గర. యూట్యూబ్ దాని లోపల ఉంది, యాడ్, గివ్అవే బయట ఉన్నాయి. లాభం లెక్కలో నూనె, మిరపకాయ ధరలే కాదు, సీసా పగిలి మళ్లీ పంపిన ఖర్చు కూడా వేసుకోండి. మనవాళ్లు ఎక్కువగా దాన్నే మర్చిపోతారు.

యాడ్ ఆపేయాలా? ఆగండి, నెలలుగా విప్పండి

పైన కలిపి చూసిన యాడ్ వరుసని నెలల వారీగా విడదీస్తే అసలు సంగతి తెలుస్తుంది.

| నెల | చేరినవాళ్లు | మొదటిసారి కొన్నవాళ్లు | నిలబడ్డవాళ్లు | ఖర్చు (రూ.) |
|---|---|---|---|---|
| జనవరి | 100 | 12 | 5 | 3,000 |
| ఫిబ్రవరి | 150 | 18 | 4 | 4,500 |
| మార్చి | 250 | 30 | 3 | 7,500 |

మూడు నెలల్లోనూ చేరినవాళ్లలో సరిగ్గా 12 శాతం మంది మొదటిసారి కొన్నారు. మనిషికి ఖర్చు కూడా మారలేదు, 30 రూపాయలే. యాడ్ నడిపేవాళ్లు ఈ రెండు అంకెలే చూపించి “బడ్జెట్ పెంచినా రిజల్ట్ తగ్గలేదు, ఇంకా పెంచుదాం” అంటారు. వాళ్ల పట్టికలో నిజంగానే ఏ తేడా లేదు మరి. తేడా అంతా చివరి అడుగులో ఉంది. జనవరిలో కొన్న 12 మందిలో 5 మంది నిలబడ్డారు, మార్చిలో కొన్న 30 మందిలో ముగ్గురే. నిలబడ్డ ఒక్కొక్కరికీ ఖర్చు జనవరిలో 600, ఫిబ్రవరిలో 1,125, మార్చిలో 2,500. జనవరి యాడ్ యూట్యూబ్ కంటే కూడా చవక.

అయితే జనవరికీ మార్చికీ మధ్య ఏం మారింది? ఇందుకే `people` పేజీలో D గడి, ఆఫరు రాసుకునేది. దాన్ని పివట్‌లో వేసి చూస్తే, జనవరి యాడ్‌లో ఆవకాయ కలిపే వీడియో, మామూలు ధరలు ఉన్నాయి. ఫిబ్రవరి మధ్య నుంచి “మూడు చిన్న సీసాలు 99 రూపాయలకే” అనే ఆఫరు మొదలైంది. మార్చి అంతా అదే. ఆ 99 చూసి వచ్చినవాళ్లు 99కే వచ్చారు, మళ్లీ 99 పెడితేనే వస్తారు. తప్పు యాడ్‌ది కాదు, అందులో పెట్టిన ఎరది.

ఇంకో అనుమానం కూడా మిగిలే ఉంది. బడ్జెట్ రెండున్నర రెట్లు పెంచితే యాడ్ ఇంకా దూరపు జనానికి, మన ఊరగాయ రుచి పెద్దగా పట్టనివాళ్లకి కూడా చేరుతుంది. ఆఫరు, బడ్జెట్ రెండూ ఒకేసారి మారాయి కాబట్టి ఏది ఎంత చెడగొట్టిందో ఈ పట్టిక చెప్పలేదు. తేలాలంటే ఒకటే మార్చి చూడాలి. జనవరి వీడియో, మామూలు ధరలు, బడ్జెట్ మాత్రం 7,500 పెట్టి ఒక నెల నడపండి. ఆ బ్యాచ్‌లో కొన్నవాళ్లలో మూడోవంతుకి పైగా నిలబడితే నేరం ఆఫరుదే. మళ్లీ పదిమందిలో ఒక్కరే మిగిలితే బడ్జెట్ హద్దు దాటినట్టు.

చిన్న అంకెలతో జాగ్రత్త

నిలబడ్డవాళ్లు 4, 12, 15 అంటున్నాం. ఇవి చిన్న అంకెలు, అదృష్టం చేయి ఇందులో చాలా ఉంటుంది. ఒక చేతి లెక్క ఉంది: ఆ అంకెకి వర్గమూలం తీసి, అంత అటూ ఇటూ జరగొచ్చు అనుకోండి. గివ్అవే 4 కి వర్గమూలం 2, అంటే రెండు నుంచి ఆరు దాకా ఏదైనా కావొచ్చు. అప్పుడు ఒక్కొక్కరికీ ఖర్చు 1,000 నుంచి 3,000. యాడ్ 12 కి సుమారు మూడున్నర, ఖర్చు దాదాపు 970 నుంచి 1,760. ఈ రెండు పరిధులూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. కాబట్టి “గివ్అవే కంటే యాడ్ మేలు” అని ఈ పట్టికతో అనలేం. రెండూ మన 900 గీతకి పైనే ఉన్నాయి అని మాత్రం అనొచ్చు.

యూట్యూబ్ 15 కి వర్గమూలం దాదాపు 4. ఖర్చు 630 నుంచి 1,090 మధ్య. అంటే గీత లోపల ఉందని గట్టిగా చెప్పలేం, ఉండే అవకాశం ఎక్కువ. ఇలాంటప్పుడు నేనైతే అదే ఛానల్లో ఇంకొక వీడియోకి డబ్బు పెట్టి రెండో బ్యాచ్ చూస్తాను. ఒక్క బ్యాచ్ చూసి ఏడాది ఒప్పందం మాత్రం రాసుకోను. జనవరి యాడ్‌లో నిలబడ్డ ఐదుగురి విషయంలోనూ ఇదే మాట. 5, 4, 3 అని అంకెలు ఒకే దిక్కుకి దిగడం, దానికి కనిపించే కారణం ఉండటం వల్లే దాన్ని పట్టించుకుంటున్నాం.

నిలబడ్డవాళ్లు పదిమంది కూడా లేని దారిని మూసేయడానికి తొందరపడకండి. రెండు మూడు నెలల బ్యాచ్‌లు కలిపి చూడండి, కానీ ఆ నెలల్లో ఆఫరు ఒకటే అయి ఉండాలి.

పాత కస్టమర్లు చెప్పి వచ్చినవాళ్లు ఎవరి ఖాతా?

169 రూపాయలకి నిలబడ్డ కస్టమరు దొరుకుతుంటే మిగతావన్నీ మానేసి ఇదే చేద్దాం అనిపిస్తుంది. కుదరదు. చెప్పేవాళ్లు ఉంటేనే చెప్పి వచ్చేవాళ్లు ఉంటారు, ఆ చెప్పేవాళ్లు ఏదో ఒక దారిన ముందు మన దగ్గరికి వచ్చినవాళ్లే. అందుకే E గడిలో చెప్పినవాళ్ల నంబరు రాయమన్నది. దాన్ని పట్టుకుని వెనక్కి వెళ్లి, ఆ చెప్పిన మనిషి స్వయంగా ఏ దారిన వచ్చారో చూడండి:

```
=IFERROR(VLOOKUP(E2,people!A:C,3,FALSE),"old")
```

ఇలా వెతికితే, నిలబడ్డ 16 మందిలో 9 మందిని పంపినవాళ్లు యూట్యూబ్ నుంచి వచ్చినవాళ్లేనని, ఒక్కరే యాడ్ నుంచి వచ్చినవాళ్లు పంపారని, మిగతా ఆరుగురిని షీటు పెట్టకముందు నుంచి ఉన్న కస్టమర్లు పంపారని తేలిందనుకుందాం. యూట్యూబ్ నిజమైన లెక్క అప్పుడు 15 కాదు, 24. వాళ్లు పంపిన కొత్తవాళ్లలో 15 మంది కొన్నారనుకుంటే పొట్లాల ఖర్చు 1,500 కలిసి మొత్తం 13,500, ఒక్కొక్కరికీ 563 రూపాయలు దాకా. ఇంతకుముందు గీత దగ్గర ఊగుతున్న దారి ఇప్పుడు కాస్త నిశ్చింతగా లోపలికి వచ్చింది.

దీనికి కారణం ఊహించడం కష్టం కాదు. వంట ఛానల్ చూసేవాళ్లు వంట గురించి ఇంట్లో, అపార్ట్‌మెంటులో మాట్లాడుకునేవాళ్లు. 99 రూపాయల ఆఫరులో కొన్నవాళ్లు ఎవరికైనా చెబితే చెప్పేది ఆఫరు గురించే.

ఇంట్లో నంబర్లు మారిపోవడం ఇక్కడ ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ఆర్డరు భార్య ఫోన్ నుంచి, డబ్బు భర్త యూపీఐ నుంచి, రెండోసారి ఆర్డరు కూతురి ఫోన్ నుంచి వస్తుంది. నంబరు మాత్రమే చూస్తే నిలబడ్డ ఇల్లు మూడు ఒంటి ఆర్డర్లుగా విడిపోతుంది. నెలకోసారి డెలివరీ అడ్రసు, పిన్‌కోడ్ ప్రకారం షీటుని పేర్చి, ఒకే ఇంటివాళ్లని ఒకే నంబరు కిందికి తెచ్చేయండి. చేత్తో చేసే పనే, గంటకి మించి పట్టదు. ఇన్ని ఫోన్ నంబర్లు, అడ్రసులు ఉన్న షీటు లింకుని యాడ్ నడిపేవాళ్లకి అలాగే పంపేయకండి. వాళ్లకి పట్టిక చాలు, మనుషుల వివరాలు అక్కర్లేదు.

ఏప్రిల్ నుంచి జూన్ బ్యాచ్‌లని వేరే పెట్టండి

ఇప్పటిదాకా జనవరి నుంచి మార్చి బ్యాచ్‌లనే తీసుకోవడానికి కారణం ఉంది. మామిడికాయలు వచ్చాక ఆట వేరు. కొత్తావకాయ రోజుల్లో ఏ దారిన వచ్చినా కొంటారు, రెండు కిలోలు, ఐదు కిలోలు ఒకేసారి కొంటారు. మొదటి ఆర్డరు శాతం అన్ని దారుల్లోనూ పెరుగుతుంది. కానీ ఐదు కిలోల ఆవకాయ కొన్న ఇల్లు 150 రోజుల్లో మరో రెండు ఆర్డర్లు ఎందుకు ఇస్తుంది? మన నియమం ప్రకారం వాళ్లు “నిలబడలేదు”. నిజానికి వాళ్లు వచ్చే వేసవికి ఖచ్చితంగా వచ్చే కస్టమర్లు కావొచ్చు.

అందుకని వేసవి బ్యాచ్‌కి నియమమే వేరుగా ఉండాలి: వచ్చే ఏడాది ఏప్రిల్ నుంచి జూన్ లోపు మళ్లీ ఆవకాయ కొన్నారా లేదా. ఫలితానికి ఏడాది పైన పడుతుంది, దగ్గర దారి లేదు. ఈలోగా వాళ్లలో ఎవరైనా ఆగస్టు నుంచి డిసెంబరు లోపు గోంగూరో, కందిపొడో ఒక్కసారైనా తెప్పించుకున్నారేమో గుర్తుపెట్టండి. వేసవి ఆవకాయకి వచ్చి పొడుల దాకా వెళ్లినవాళ్లని `people` పేజీలో ఒక రంగు వేసి ఉంచితే, మరుసటి జూన్‌లో లెక్క తీసేటప్పుడు వాళ్లు నిజంగానే ఎక్కువగా తిరిగొచ్చారా, ఏ దారిన వచ్చినవాళ్లు అందులో ఎక్కువున్నారు అన్నది ఒక్క ఫిల్టర్‌తో తెలుస్తుంది. జనవరి బ్యాచ్‌ని మే బ్యాచ్‌తో, మామూలు నెలల యాడ్‌ని వేసవి యూట్యూబ్‌తో మాత్రం ఎప్పుడూ పోల్చకండి. ఒకే కాలంలో చేరిన బ్యాచ్‌లనే పక్కపక్కన పెట్టండి.